రాత్రి బస్సులో వస్తున్నప్పుడు ఎక్కడున్నారో, ఎప్పటికి చేరతారో ఇంటివారికి తెలిసేలా చేయడం ఎలా?

"లైవ్ లొకేషన్ పంపాను, అయినా మధ్యలో ఆగిపోయింది, ఇంట్లో అందరూ కంగారుపడ్డారు, ఎందుకిలా జరుగుతుంది?" అన్న ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎక్కువసార్లు కారణం ఒక్కటే. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు మించి నడవదు. మనం దాన్ని ఇంటినుంచో హాస్టల్‌నుంచో బయల్దేరేటప్పుడే మొదలుపెడతాం కాబట్టి, తెల్లవారుజామున బస్సు దిగే సమయానికి, అంటే ఇంటివారికి అది నిజంగా అవసరమయ్యే సమయానికి, దాని గడువు ముగిసిపోతుంది. ఈ ఒక్క లెక్క సరిచేసుకుంటే మిగిలిన పని పది నిమిషాలది.

ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్ నుంచి ఏలూరు వెళ్లే రాత్రి బస్సును ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను. మా అక్క కూతురు పండుగలకు ఇంటికి వచ్చేది ఈ దారిలోనే కనుక, ఇందులోని ప్రతి మలుపూ నాకు తెలుసు. మీ ఊరు వేరైతే ఊళ్ల పేర్లు మార్చుకోండి, లెక్క మాత్రం మారదు.

కావలసినవి

- వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ ఉన్న ఫోను, అందులో ప్రయాణం ముగిసేదాకా గడువున్న మొబైల్ డేటా.
- పూర్తిగా ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు, దాని తీగ. బస్సు సీటు దగ్గర ఛార్జింగ్ సాకెట్ ఉంటుంది, కానీ అది పనిచేస్తుందో లేదో ఎక్కాక గాని తెలియదు. అందువల్ల దానిమీద ఆధారపడకండి.
- ఇంట్లో ఆ రాత్రి ఫోను చూసే మనిషి ఒకరు, వారికి నిద్ర పడితే చూడడానికి మరొకరు. పదిమంది ఉన్న కుటుంబ గ్రూపులో లొకేషన్ పెడితే ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు.
- ట్రావెల్స్ వారు పంపిన మెసేజ్. అందులో బస్సు నంబరు, సిబ్బంది ఫోన్ నంబరు ఉంటాయి. కొన్నిసార్లు అది బయల్దేరడానికి కాస్త ముందుగా మాత్రమే వస్తుంది కాబట్టి, వచ్చిన వెంటనే ఇంటికి పంపండి.

1. ముందురోజు ఫోనును సిద్ధం చేసుకోండి

ఈ పని బస్సు ఎక్కాక చేయాలంటే చిరాకుగా ఉంటుంది, తప్పులూ దొర్లుతాయి. అందుకే ముందురోజు ఇంట్లో కూర్చుని చేయండి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో వాట్సాప్‌ను తెరిచి, అనుమతుల్లో లొకేషన్ దగ్గర "Allow all the time" ఎంచుకోండి. దాని కిందే కనిపించే "Use precise location" ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్‌లో ఉంటే మీరు ఉన్న చోటు కాకుండా, మీరున్న ప్రాంతం సుమారుగా మాత్రమే వెళ్తుంది. ఐఫోనులో అయితే సెట్టింగ్స్‌లో "Privacy & Security", అందులో "Location Services", అందులో వాట్సాప్ తెరిచి "Always" ఎంచుకుని, "Precise Location" ఆన్ చేయండి.

తరువాత బ్యాటరీ సంగతి చూడండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నప్పుడు, తెర ఆరిపోయాక ఫోను యాప్‌లను నిద్రపుచ్చుతుంది, దానితో ఇంటివారి మ్యాప్‌లో మీరున్న చోటును చూపే చుక్క కదలడం ఆగిపోతుంది. ప్రయాణం రాత్రికి బ్యాటరీ సేవర్ ఆపేయండి. అలాగే వాట్సాప్ యాప్ వివరాల్లో బ్యాటరీ అనే చోట పరిమితులు లేకుండా నడిచే ఎంపిక ఉంటే దాన్ని తీసుకోండి. దాని పేరు ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కో రకంగా ఉంటుంది, చాలా ఫోన్లలో "Unrestricted" అనో "No restrictions" అనో కనిపిస్తుంది.

పరీక్ష లేకుండా దీన్ని నమ్మవద్దు. ఇంట్లో వారికి పదిహేను నిమిషాల లైవ్ లొకేషన్ పంపి, తెర ఆర్పి, ఫోను జేబులో వేసుకుని వీధి చివరి కొట్టుదాకా నడిచి రండి. అవతలివారి ఫోనులో మీ చుక్క కొట్టుదాకా వెళ్లి తిరిగి వస్తే అంతా సరిగా ఉన్నట్టు. చుక్క ఇంటి దగ్గరే నిలిచిపోయి, మీరు ఫోను తెరిచినప్పుడు మాత్రమే ఒక్కసారిగా దూకితే, పై రెండు సెట్టింగుల్లో ఏదో ఒకటి తప్పింది.

2. ఎనిమిది గంటల లెక్క వేసుకోండి

వాట్సాప్‌లో మూడే గడువులు ఉన్నాయి: 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు. మీరు మొదలుపెట్టిన సమయానికి ఎనిమిది గంటలు కలపండి. వచ్చిన సమయం, మీరు దిగాల్సిన సమయం కంటే కనీసం గంటన్నర తరువాత ఉండాలి. బస్సు ఆలస్యమైనా, దిగాక ఇంటికి చేరడానికి కాస్త సమయం పట్టినా ఆ గంటన్నర సరిపోతుంది.

మా అక్క కూతురి ప్రయాణం ఇలా సాగుతుంది. రాత్రి 8 గంటలకు హాస్టల్‌లో బయల్దేరి, 8:45కు కూకట్‌పల్లిలో బస్సు ఎక్కుతుంది. బస్సు ఊళ్లో అందరినీ ఎక్కించుకుంటూ 10:15 ప్రాంతంలో ఎల్బీనగర్ దాటుతుంది. 12:15కు సూర్యాపేట దగ్గర భోజనాలకు అరగంట ఆగుతుంది. మూడు దాటాక విజయవాడ, నాలుగు దాటాక హనుమాన్ జంక్షన్, 4:35కు ఏలూరు బైపాస్.

మొదటిసారి ఆమె హాస్టల్ మెట్లు దిగుతూనే, రాత్రి 8 గంటలకు, ఎనిమిది గంటల లొకేషన్ పంపింది. తెల్లవారుజామున 4 గంటలకు, బస్సు హనుమాన్ జంక్షన్ చేరకముందే గడువు తీరిపోయింది. అమ్మాయి నిద్రలో ఉంది, ఫోను సైలెంట్‌లో ఉంది. మా అక్క ఫోన్ మీద ఫోన్ చేసింది, బావ స్కూటర్ తీసి బైపాస్‌కు వెళ్లి అరగంటకు పైగా చీకట్లో నిలబడ్డాడు. బస్సు మాత్రం తన సమయానికి తాను క్షేమంగా వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, లెక్క ఒక్కటే తప్పింది.

బస్సు ఎక్కాక 8:45కు మొదలుపెడితే గడువు 4:45కు తీరుతుంది. అంటే దిగడానికీ గడువుకూ మధ్య పది నిమిషాలే ఉంటాయి, బస్సు కాస్త ఆలస్యమైతే అదీ ఉండదు. ఎల్బీనగర్ దాటాక 10:15కు మొదలుపెడితే 6:15 దాకా ఉంటుంది, ఇది సరిపోతుంది. భోజనాల దగ్గర 12:15కు మొదలుపెడితే 8:15 దాకా ఉంటుంది, ఇది అన్నిటికంటే నిశ్చింత. అప్పుడు అందరూ మేలుకునే ఉంటారు, ఫోనూ చేతిలోనే ఉంటుంది.

అందుకని నేను చెప్పే పద్ధతి రెండు విడతలు. హాస్టల్ నుంచి బస్సు ఎక్కేదాకా ఒక గంట లొకేషన్, బస్సు ఊరు దాటాక ఎనిమిది గంటల లొకేషన్. నిద్ర ఆపుకోగలిగితే భోజనాల దగ్గర దాన్ని ఆపి మళ్లీ కొత్తగా మొదలుపెట్టండి. నిద్ర ఆగకపోతే ఊరు దాటాక మొదలుపెట్టినదే చాలు.

ఏలూరు దాటి రాజమహేంద్రవరం, విశాఖపట్నం దాకా వెళ్లేవారికి ఊరు దాటాక మొదలుపెట్టిన ఎనిమిది గంటలు చాలవు. రాజమహేంద్రవరం వెళ్లేవారు భోజనాల దగ్గర తప్పనిసరిగా కొత్తగా మొదలుపెట్టాలి. విశాఖపట్నం వెళ్లేవారికి అదీ చాలదు కాబట్టి, వారు ఐదో అంశంలో చెప్పిన గూగుల్ మ్యాప్స్ పద్ధతి వాడాలి.

3. లైవ్ లొకేషన్ పంపండి

ఇంట్లో చూసే మనిషితో ఉన్న చాట్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో పేపర్ క్లిప్ గుర్తును, ఐఫోనులో ప్లస్ గుర్తును నొక్కి "Location" ఎంచుకోండి. తరువాత "Share live location" నొక్కి, గడువు ఎంచుకుని, కింద చిన్న మాట రాసే చోటు ఉంటే "బస్సు ఎక్కాను" వంటిది రాసి పంపండి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. అదే తెరమీద "Send your current location" అని మరొకటి ఉంటుంది. అది ఆ క్షణంలో మీరున్న చోటును ఒక బొమ్మలా పంపుతుంది, ఆ తరువాత మీరు ఎంత దూరం వెళ్లినా కదలదు. తొందరలో దాన్ని నొక్కిన పిల్లలు లొకేషన్ పంపామనే అనుకుంటారు. అవతల తల్లికి మాత్రం తెల్లవార్లూ కూకట్‌పల్లే కనిపిస్తుంది. సరైనది పంపారో లేదో తెలుసుకోవడం సులువు. లైవ్ లొకేషన్ అయితే చాట్‌లో ఎప్పటిదాకా నడుస్తుందో సమయం, దాన్ని ఆపేందుకు "Stop sharing" కనిపిస్తాయి. ఆ రెండూ లేకపోతే మీరు పంపింది మామూలు లొకేషన్.

పంపాక మరొక జాగ్రత్త తీసుకోండి. ఇటీవల వాడిన యాప్‌లన్నిటినీ ఒక్కసారి తుడిచేసే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని ఫోన్లలో అలా తుడిచేస్తే లొకేషన్ కూడా ఆగిపోతుంది, కాబట్టి ఆ రాత్రికి ఆ అలవాటును పక్కన పెట్టండి.

4. చేరే సమయాన్ని గడియారంతో పాటు ఊరి పేరుతో చెప్పండి

"నాలుగున్నరకు వస్తాను" అన్న మాట ఇంటివారికి మనశ్శాంతి ఇవ్వదు. బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆ నలభై నిమిషాలూ వారికి నరకమే. దానికి బదులు, ఏ ఊరు దాటాక ఎంతసేపట్లో చేరతారో చెప్పండి. చుక్క ఆ ఊరు దాటగానే ఇంట్లో వారే లెక్క చూసుకుంటారు, మిమ్మల్ని నిద్ర లేపరు.

మేము వాడే మెసేజ్ ఇది. మీ వివరాలు పెట్టుకుని ఇలాగే పంపవచ్చు:

> బస్సు ఎక్కాను. బస్సు నంబరు, డ్రైవరు నంబరు ఉన్న మెసేజ్ పైన పంపాను. దిగేది ఏలూరు బైపాస్‌లో, ఆ చోటు గుర్తు కింద పంపుతున్నాను. 4:30కూ 5:15కూ మధ్య చేరతాను. చుక్క హనుమాన్ జంక్షన్ దాటితే సుమారు అరగంటలో దిగుతానని అర్థం. అప్పుడు నాకు ఒక్కసారి ఫోన్ చేసి లేపండి.

ఇందులో మూడు విషయాలు గమనించండి. సమయం ఒక్క అంకెగా కాకుండా ఇంతకూ అంతకూ మధ్య అని ఉంది. దిగే చోటు కచ్చితంగా ఉంది. ఫోన్ ఎప్పుడు చేయాలో కూడా ఉంది.

దిగే చోటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ట్రావెల్స్ బస్సులు చాలావరకు ఊళ్లోకి రావు, హైవే మీద బైపాస్‌లోనే దించేస్తాయి. టికెట్టులో "ఏలూరు" అని ఉంటుంది, నాన్న బస్టాండ్‌లో ఎదురుచూస్తుంటాడు, అమ్మాయి బైపాస్‌లో నిలబడి ఉంటుంది. ఇలా జరగకుండా బస్సు ఎక్కగానే క్లీనర్‌ను "ఏలూరులో సరిగ్గా ఎక్కడ దించుతారు?" అని అడగండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటును వేలితో గట్టిగా నొక్కిపట్టి గుర్తు పెట్టి, ఆ గుర్తును ఇంటికి పంపండి. కదలని లొకేషన్ పనికొచ్చేది ఇక్కడే.

దారిలో ఊళ్ల పేర్లు తెలియకపోతే టోల్ ప్లాజాలను గుర్తుగా పెట్టుకోండి. విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర పంతంగి, ఆ తరువాత కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు వస్తాయి. మ్యాప్‌లోనూ ఇవి కనిపిస్తాయి, బస్సు అక్కడ వేగం తగ్గిస్తుంది కనుక చుక్క కూడా కాసేపు నెమ్మదిస్తుంది.

5. ఎనిమిది గంటలు చాలకపోతే గూగుల్ మ్యాప్స్

గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో గుర్తును నొక్కి "Location sharing" తెరిస్తే, గడువును గంటల్లో పెంచుకోవచ్చు, లేదా మీరు ఆపేదాకా నడిచేలా పెట్టవచ్చు. ఇంటివారికి గూగుల్ ఖాతా ఉంటే వారి మ్యాప్‌లో మీ ఫొటోతో పాటు మీ ఫోను ఛార్జింగ్ ఎంత మిగిలిందో కూడా కనిపిస్తుంది. ఇది నాకు నచ్చిన విషయం, ఎందుకంటే చుక్క ఆగిపోయినప్పుడు, అంతకుముందు ఛార్జింగ్ నాలుగు శాతం ఉందని తెలిస్తే సగం భయం పోతుంది. అయితే మ్యాప్స్ యాప్‌కు కూడా మొదటి అంశంలో చెప్పిన అనుమతులన్నీ ఇవ్వాలి.

రెండూ ఒకేసారి నడపవలసిన అవసరం లేదు. అమ్మానాన్నలకు వాట్సాప్ అలవాటు ఉంటుంది కాబట్టి, ప్రయాణం ఎనిమిది గంటల్లోపు ముగిసేదైతే దానితోనే సరిపెట్టండి.

ఇంట్లో మామూలు బటన్ ఫోను మాత్రమే ఉంటే లొకేషన్ పంపే దారి లేదు. అప్పుడు మూడు ఫోన్లు అనుకోండి: బస్సు ఎక్కాక ఒకటి, భోజనాల దగ్గర ఒకటి, హనుమాన్ జంక్షన్ వంటి చివరి పెద్ద ఊరి దగ్గర ఒకటి. లొకేషన్‌ను స్మార్ట్ ఫోను ఉన్న పిన్నికో, ఊళ్లోని స్నేహితురాలికో పంపి, అవసరమైతే ఇంటికి కబురు చెప్పమనండి.

6. ఇంట్లో చూసేవారికి ఇది చదివి వినిపించండి

చుక్క ఆగిన ప్రతిసారీ ప్రమాదం కాదు. అందువల్ల చూసేవారు మొదట గమనించవలసింది చుక్క ఎక్కడుందన్నది కాదు, అది ఎప్పటిదన్నది. లైవ్ లొకేషన్ తెరిచి చూస్తే, ఆ వివరం ఎంతసేపటి క్రితానిదో పేరు దగ్గర ఉంటుంది.

సమయం తాజాగా ఉండి చుక్క కదలకపోతే బస్సు ఆగి ఉంది. సూర్యాపేట పరిసరాల్లో అర్ధరాత్రి అరగంట ఆగితే అది భోజనాల విరామమే. టోల్ ప్లాజా దగ్గరో, ఊళ్లో మనుషులు దిగేచోటో పది నిమిషాలు ఆగడం కూడా మామూలే. విరామం కాని చోట, హైవే మధ్యలో, నలభై నిమిషాలకు మించి ఆగితే అప్పుడు పిల్లకు ఫోన్ చేయండి. టైరు పంక్చరో, ముందు ట్రాఫిక్ జామో అయి ఉంటుంది, ఆమె చెబుతుంది.

సమయం పాతబడితే ఫోను నుంచి కబురు రావడం లేదని అర్థం. ఊళ్ల మధ్య సిగ్నల్ లేని చోట్లు ఉంటాయి, అక్కడ పది పదిహేను నిమిషాలు అలాగే ఉండి, తరువాత చుక్క ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అరగంట దాటినా రాకపోతే ఈ వరుసలో వెళ్లండి. ముందు మామూలు ఫోన్ కాల్ చేయండి, ఎందుకంటే డేటా లేని చోట కూడా కాల్ వెళ్లవచ్చు. ఎత్తకపోతే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. అప్పటికీ లేకపోతే బస్సు సిబ్బంది నంబరుకు ఫోన్ చేసి, బస్సు ఎక్కడుందో, ఫలానా సీటులో ఉన్న అమ్మాయి క్షేమంగా ఉందో అడగండి. చాలాసార్లు విషయం ఇక్కడే తేలిపోతుంది. ఫోను స్విచాఫ్ అయి ఉంటుంది, అమ్మాయి హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

సిబ్బంది నంబరు కూడా కలవకపోయినా, వారి మాటలు అనుమానంగా తోచినా, ఆలోచిస్తూ కూర్చోకుండా 112కు ఫోన్ చేయండి. బస్సు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోంది, చుక్క చివరిసారి ఏ ఊరి దగ్గర ఎన్ని గంటలకు కనిపించింది అన్న మూడు ముక్కలు ముందుగా కాగితం మీద రాసుకుని చెబితే వారికి వెతకడం సులువవుతుంది.

ఇంకొక మాట. చూసేవారి ఫోను సైలెంట్‌లో ఉండకూడదు, రాత్రి పదయ్యాక దానంతటదే మోగకుండా చేసే సెట్టింగు ఉంటే ఆ రాత్రికి తీసేయాలి. పిల్ల ఫోన్ చేసినప్పుడు అమ్మ ఫోను మోగకపోతే ఇదంతా ఎందుకు?

7. దిగాక చివరి కొన్ని కిలోమీటర్లు

హైవే మీద బస్సులో నలభైమంది మధ్య కూర్చున్నప్పటి కంటే, దిగి ఇంటికి చేరే పదిహేను నిమిషాలకే తోడు ఎక్కువ కావాలి. ఇంటినుంచి ఎవరైనా వస్తుంటే, వారు గడియారం చూసి కాకుండా చుక్క చూసి బయల్దేరాలి. మా బావ ఇప్పుడు చుక్క హనుమాన్ జంక్షన్ దాటాక అమ్మాయికి ఫోన్ చేసి లేపి, తరువాత పది నిమిషాలకు ఇంట్లో బయల్దేరతాడు. బస్సు కంటే కాస్త ముందే అక్కడ ఉంటాడు, చీకట్లో ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడరు.

వచ్చేవారు ఎవరూ లేకపోతే బైపాస్‌లో దిగకండి. విజయవాడలో పండిట్ నెహ్రూ బస్టాండ్ దగ్గర దిగి, దీపాలు, మనుషులు ఉన్న చోట కూర్చుని, తెల్లవారాక ఆర్టీసీ బస్సులో ఏలూరు రావడం మంచిది. రెండు మూడు గంటలు ఆలస్యమవుతుంది, అంతే. ఈ మార్పు చేస్తే ఇంటికి తప్పక చెప్పండి, లేకపోతే చుక్క విజయవాడలో ఆగిపోయిందని వారు కంగారుపడతారు.

ఆటో ఎక్కవలసి వస్తే ఇలా చేయండి. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపండి. ఎక్కాక గూగుల్ మ్యాప్స్‌లో ఇంటికి దారి పెట్టి నావిగేషన్ మొదలుపెట్టి, కింది పట్టీని పైకి లాగి "Share trip progress" నొక్కి ఇంటివారిని ఎంచుకోండి. ఇందులో మీరున్న చోటుతో పాటు చేరే సమయం కూడా వారికి కనిపిస్తుంది, దారి మారినకొద్దీ సమయం మారుతుంది, చేరగానే దానంతటదే ఆగిపోతుంది. ఆటో సరైన దారిలోనే వెళ్తోందో లేదో మీకూ తెలుస్తుంది. యాప్‌లో బుక్ చేసిన ఆటో, క్యాబ్ అయితే ఆ యాప్‌లోనే ప్రయాణాన్ని పంచుకునే ఎంపిక ఉంటుంది, అదే వాడండి.

బస్సులో తెల్లవార్లూ మాత్రం ఈ నావిగేషన్ నడపవద్దు. అది తెరను వెలిగించి ఉంచి ఛార్జింగ్‌ను తినేస్తుంది, పైగా బస్సు ఆగే చోట్లు దానికి తెలియవు కాబట్టి చేరే సమయాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. సొంత కారులో వచ్చేవారికి మాత్రం మొదటినుంచీ ఇదే మంచి పద్ధతి. బండి కదలకముందే మొదలుపెట్టాలి, నడిపేవారు దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు.

8. చేరాక ఆపండి

గుమ్మంలో అడుగుపెట్టాక "ఇంటికి చేరాను" అని ఒక్క మాట పంపండి. చుక్క ఇంటిమీద ఉన్నంత మాత్రాన మీరు లోపలికి వచ్చినట్టు కాదు, రెండో మనిషిగా చూస్తున్న పిన్ని ఆ మాట కోసమే మేలుకుని ఉంటుంది. తరువాత చాట్‌లో "Stop sharing" నొక్కండి. ఎవరెవరికి పంపారో గుర్తులేకపోతే వాట్సాప్ సెట్టింగ్స్‌లో "Privacy" తెరిచి "Live location" చూడండి, ఇంకా నడుస్తున్నవన్నీ అక్కడ జాబితాగా ఉంటాయి, అన్నిటినీ అక్కడే ఆపవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ఆపేదాకా నడిచేలా పెట్టిన వారు దాన్ని గుర్తుపెట్టుకుని విడిగా ఆపాలి, అది ఎనిమిది గంటలకు దానంతటదే ఆగదు. లొకేషన్ అనుమతిని కూడా యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్న ఎంపికకు మార్చి పడుకోండి. తిరుగు ప్రయాణం ముందురోజు మళ్లీ "Allow all the time" పెట్టి, వీధి చివరి కొట్టుదాకా ఇంకోసారి నడిచి రండి.